ట్రీలో n−1 ఎడ్జ్‌లు: ఇండక్షన్ ప్రూఫ్‌కి 10కి 4 ఇచ్చిండ్రు, ఎక్కడ తేడా కొట్టింది?

కాజీపేట_జంక్షన్
అన్నలూ అక్కలూ, డిస్క్రీట్ మ్యాథ్స్ మిడ్ పేపర్లు ఇయ్యాల చేతికిచ్చిండ్రు. క్వశ్చన్ ఏందంటే n వర్టెక్స్‌లున్న ట్రీలో కచ్చితంగా n−1 ఎడ్జ్‌లుంటయని ఇండక్షన్‌తో ప్రూవ్ చేయాలె. నేను రాసింది మక్కికి మక్కి పెడ్తున్న:

"బేస్ కేస్: n=1. ఒక్క వర్టెక్స్, ఎడ్జ్‌లు 0. 1−1=0, కరెక్ట్.
హైపాథసిస్: n వర్టెక్స్‌ల ట్రీలో n−1 ఎడ్జ్‌లున్నయనుకుందాం.
స్టెప్: n వర్టెక్స్‌ల ట్రీ ఒకటి తీసుకొని దానికి కొత్త వర్టెక్స్ కలుపుదాం. ట్రీ గానే ఉండాలంటే కొత్తదాన్ని పాతవాటిల్ల ఒక్కదానికే కలపాలె, రెండిటికి కలిపితే సైకిల్ వస్తది, దేనికీ కలపకపోతే కనెక్టెడ్ కాదు. అంటే ఒక్క ఎడ్జ్ పెరుగుతది. (n−1)+1 = n. ప్రూవ్ అయింది."

సార్ స్టెప్ మీద ఎర్రపెన్నుతో పెద్ద సున్న చుట్టి పక్కన "అన్ని ట్రీలూ వచ్చాయా?" అని రాసి 4 మార్కులేసిండు. అడుగుదామంటే క్లాస్ అయిపోయింది. ఇండ్ల తప్పేముందో ఎవరన్న జర చెప్పుండ్రి, ఆన్సరైతే కరెక్టే కదా.

ఓరుగల్లు_పోరడు
ఇండ్ల ఏం తప్పు లేదు తమ్మీ. మేం ఇంటర్‌ల 1+2+...+n గిట్లనే చేసినం, n=1 పెట్టినం, k కి నిజమనుకున్నం, రెండు దిక్కుల k+1 కలిపినం, ఫుల్ మార్కులు పడ్డయ్. నువ్వు కూడా అదే చేసినవ్. రీవాల్యుయేషన్ పెట్టు.

సుబేదారి_శ్రావణి
నాకైతే బేస్ కేస్ దగ్గరే డౌట్. n=1 అంటే ఎడ్జే లేని ట్రీ, అది మరీ ఖాళీ కేసు. n=2 కూడా చూపించి ఉంటే బలంగుండేది. గుర్రాలన్నీ ఒకే రంగు అని ప్రూవ్ చేసే పాత తమాషా ఉంది చూడు, అక్కడ n=1 బాగానే ఉంటది, 1 నుంచి 2 కి పోయే దగ్గరే తెగిపోతది. ఇక్కడ కూడా అదే అయ్యుంటది.

పాకాల_గాలి
శ్రావణీ, గుర్రాల గురించి నువ్వు చెప్పింది కరెక్టే, అండ్ల రెండు గుంపులకు మధ్యల ఉమ్మడి గుర్రం కావాలె, n=2 కి అది ఉండది. కానీ ఆ జబ్బు ఇక్కడ లేదు. ఒక్క వర్టెక్స్‌కి ఇంకోటి కలిపితే ఒక ఎడ్జ్, అండ్ల తెగేదేం లేదు. n=2, 3, 10 దాకా బేస్ కేసులు రాసినా ఆ సార్ అదే సున్న చుడ్తడు.

పోరడూ, సమ్మేషన్‌ల n+1 కి సంబంధించింది ఒక్కటే ఉంటది, 1 నుంచి n+1 దాకా కూడిక. అదొక్కటి చూపిస్తే ఖతం. కానీ n+1 వర్టెక్స్‌ల ట్రీలు ఒక్కటి కాదు, చానా ఉంటయ్. 4 వర్టెక్స్‌లకే రెండు రకాలు: ఒకటి తాడు లెక్క వరుసగా, ఒకటి నడుమ ఒకటి చుట్టూ మూడు. మనం ప్రూవ్ చేయాల్సింది "ఏ ట్రీ ఇచ్చినా" అని. తమ్ముడు ప్రూవ్ చేసింది "నేను ఇట్ల కలిపి తయారు చేసిన ట్రీకి" అని. ఆ రెండూ ఒకటేనా కాదా అన్నదే సార్ రాసిన ప్రశ్న.

కాజీపేట_జంక్షన్
అన్నా కానీ ప్రతి ట్రీ గట్లనే తయారైతది కదా? ఒక్కో వర్టెక్స్ కలుపుకుంట పోతే ఏ ట్రీ అయినా వస్తది. రాని ట్రీ ఒక్కటి చూపించు.

పాకాల_గాలి
రాని ట్రీ లేదు తమ్మీ, అన్నీ వస్తయ్. కానీ "అన్నీ వస్తయ్" అన్నది నీ పేపర్ల ఎక్కడ రాసినవ్? అది ఊరికే నిజమయ్యే మాట కాదు. దాని వెనక పని ఉంది, నీ ప్రూఫ్‌ల అసలు బరువంతా అక్కడే ఉంది. నమ్మకం కుదరకపోతే నీ పద్ధతిలనే ఒక అబద్ధం ప్రూవ్ చేస్త చూడు.

అబద్ధం: ప్రతి వర్టెక్స్‌కి కనీసం ఒక ఎడ్జ్ ఉన్న గ్రాఫ్ ఏదైనా కనెక్టెడే.

బేస్ కేస్: n=2. రెండిటికీ ఎడ్జ్ ఉండాలంటే ఒకదానితోని ఒకటి కలిసి ఉండాలె, కనెక్టెడ్. స్టెప్: n వర్టెక్స్‌లది, అందరికీ కనీసం ఒక ఎడ్జ్ ఉన్న గ్రాఫ్ తీసుకో. హైపాథసిస్ ప్రకారం అది కనెక్టెడ్. కొత్త వర్టెక్స్ కలుపు. దానికీ కనీసం ఒక ఎడ్జ్ ఉండాలె కాబట్టి పాతవాటిల్ల ఏదో ఒకదానికి అతుకుతది. పాతదంతా కనెక్టెడ్, కొత్తది దానికి అతికింది, అంటే మొత్తం కనెక్టెడ్. అయిపాయె.

ఇప్పుడు కాయితం మీద నాలుగు చుక్కలు పెట్టి A–B ఒక గీత, C–D ఒక గీత గియ్యి. అందరికీ ఎడ్జ్ ఉంది, గ్రాఫ్ రెండు ముక్కలు. నా ప్రూఫ్‌ల ఏ లైను అబద్ధమో వేలు పెట్టి చూపించు.

సుబేదారి_శ్రావణి
బేస్ కేస్ బాగుంది. n=3 కూడా గీసి చూసిన, మూడిట్ల అందరికీ ఎడ్జ్ ఉంటే కనెక్టెడే అయితది. అంటే బేస్ కేసులు ఇంకోటి పెంచినా పట్టుకునేవాళ్ళం కాదు, 4 దగ్గరే పడ్తది. స్టెప్‌ల కూడా ఏ వాక్యం చదివినా కరెక్టే అనిపిస్తుంది, భలే చిరాకుగా ఉంది.

పాకాల_గాలి
అదే సంగతి. రాసిన వాక్యాలల్ల తప్పు లేదు, రాయని వాక్యంల ఉంది. A–B, C–D గ్రాఫ్‌ని నేను చెప్పినట్టు తయారు చేద్దామని చూడు. చివరికి కలిపింది D అనుకో. D ని కలపకముందు ఏముండె? A–B, ఒంటరి C. C కి ఎడ్జే లేదు, అంటే అది మన షరతు పాటించే గ్రాఫే కాదు, దానికి హైపాథసిస్ వర్తించది. D కాకుంట ఎవరిని చివర పెట్టినా ఇదే కథ, జోడీ ఒంటరైతది. అంటే ఈ గ్రాఫ్ నా తయారీ లైన్ల నుంచి ఎన్నడూ బయటికి రాదు. నేను కింది నుంచి కట్టుకుంట పోయిన, కాబట్టి అది నా కంట పడనే లేదు.

అదే నేను పై నుంచి మొదలు పెట్టి ఉంటే: "n+1 వర్టెక్స్‌ల గ్రాఫ్ ఏదో ఒకటి మీరే ఇవ్వండి, దాంట్ల ఒక వర్టెక్స్ తీసేస్త, మిగిలినదానికి హైపాథసిస్ వాడ్త" అని రాయబోయి అక్కడికక్కడే ఆగిపోయేటోన్ని. ఎందుకంటే "మిగిలినదాంట్ల కూడా అందరికీ ఎడ్జ్ ఉందా?" అని నాకు నేనే అడగాల్సి వస్తది, లేదని తెలుస్తది. కట్టుకుంట పోతే ఆ ప్రశ్న రాదు. తీసుకుంట వస్తే తప్పించుకోలేవు.

జనగాం_ట్యూషన్
మా దగ్గర ఇంటర్ పిల్లలతో ఇలాంటిదే ఒకటి నలుగుతుంది, సందర్భం వచ్చింది కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. 2 రూపాయలు, 5 రూపాయల బిళ్ళలతో 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఏ మొత్తమైనా చిల్లర లేకుండా కట్టొచ్చు. ఒక అమ్మాయి ఇలా రాసింది: "4 = 2+2. 4 నుంచి n−1 దాకా అన్నీ కట్టొచ్చు అనుకుందాం. n కట్టాలంటే n−2 ని కట్టి ఒక 2 రూపాయల బిళ్ళ కలుపు." స్ట్రాంగ్ ఇండక్షనే కదా అని నేను ఫుల్ మార్కులు వేద్దామనుకున్నా, కానీ ఏదో తేడాగా ఉందనిపించి ఆగిన. ఇందులో ఆమె పై నుంచే మొదలుపెట్టింది, మీరు చెప్పిన లోపం లేదు. మరి పూర్తి మార్కులేనా?

పాకాల_గాలి
వెయ్యకండి సార్. ఆ స్టెప్‌కి వచ్చే మొట్టమొదటి n ఎంతో చూడండి. 4 బేస్ కాబట్టి 5. అప్పుడు n−2 = 3. 3 మన లిస్టుల లేదు, పైగా 3 రూపాయలు ఆ బిళ్ళలతోని కట్టలేం కూడా. 5 దగ్గర నిచ్చెన మెట్టు లేదు, 7, 9 అన్నీ దాని మీదనే నిలబడ్తయ్. బేస్‌ల 4, 5 రెండూ పెట్టి స్టెప్ n=6 నుంచి మొదలు పెడ్తే సరిపోతది.

ఇంకో తమాషా చూడండి, ఆమె ప్రూఫ్‌ల 5 రూపాయల బిళ్ళ ఎక్కడన్న వాడిందా? ఎక్కడా లేదు. అంటే అదే ప్రూఫ్ "ఒక్క 2 రూపాయల బిళ్ళలతోనే 4 పైన ఏదైనా కట్టొచ్చు" అన్నదానికి కూడా సరిపోతది, 7 రూపాయలు కట్టి చూపియ్యమనండి. ఇచ్చిన షరతుల్ల ఒకటి ప్రూఫ్‌ల ఎక్కడా కనిపించకపోతే నేను అక్కడ ఆగి రెండోసారి చదువుత. ప్రతిసారీ తప్పే దొరకది గానీ, చానాసార్లు దొరుకుతది.

జనగాం_ట్యూషన్
5 రూపాయల బిళ్ళ ముచ్చట నాకు తట్టలేదు, పిల్లలకు ఇదే అడుగుతా రేపు. అంటే బేస్ కేసులు ఎన్ని కావాలో ముందే రూల్ లేదు, స్టెప్ ఎంత వెనక్కి పోతుందో చూసి లెక్కపెట్టుకోవాలి, 2 వెనక్కి పోతే వరుసగా రెండు.

పాకాల_గాలి
అంతే సార్.

ఓరుగల్లు_పోరడు
ఒక్క నిమిషం, మల్ల తమ్ముడి ప్రూఫ్‌ల ఇచ్చిన షరతులు రెండూ వాడిండు కదా, సైకిల్ లేదు, కనెక్టెడ్ రెండూ ఉన్నయ్ అండ్ల. మీ టెస్టు ప్రకారం పాస్ అవ్వాలె గదా.

పాకాల_గాలి
మంచి పాయింట్. వాడిండు, కానీ కొత్త వర్టెక్స్ ఎట్ల అతకాలె అని చెప్పనీకి వాడిండు. ఇచ్చిన ట్రీల అట్ల ఒకే ఎడ్జ్‌తోని వేలాడే వర్టెక్స్, అంటే లీఫ్, ఉందా అన్నదానికి వాడలేదు. అదే కావాల్సింది.

లీఫ్ ఉంటదని ఎట్ల? ట్రీల అన్నిట్లకంటే పొడుగు దారి ఒకటి తీసుకో. దాని చివరి వర్టెక్స్ v. v కి దారి బయట ఇంకో పక్కింటోడు ఉంటే దారి ఇంకా పొడుగు అయ్యేది, కాబట్టి లేడు. దారి లోపలనే, ముందున్నోడు కాకుంట ఇంకొకడు ఉంటే సైకిల్ వస్తది, కాబట్టి అదీ లేదు. అంటే v కి ఒక్కటే ఎడ్జ్. రెండు వర్టెక్స్‌లకు తక్కువ లేకుంటే చాలు. ఇండ్ల "అన్నిట్లకంటే పొడుగు దారి" అన్న మాట ఎందుకు చెల్లుతదంటే గ్రాఫ్ ఫైనైట్ కాబట్టి. రెండు దిక్కులా అంతం లేకుంట పోయే గీత ఊహించుకో, అది కనెక్టెడే, సైకిల్ లేదు, కానీ ఒక్క లీఫ్ కూడా ఉండది. కాబట్టి లీఫ్ ఉంటది అన్నది "చూస్తేనే తెలుస్తది" రకం కాదు.

ఇగ v ని తీసేసినంక మిగిలింది ట్రీయేనా? సైకిల్ కొత్తగ పుట్టది, తీసేస్తే ఎట్ల పుడ్తది. కనెక్టెడా? మిగిలినోల్లల్ల ఏ ఇద్దరి మధ్య దారి తీసుకున్నా అది v గుండా పోదు, ఎందుకంటే దారి నడుమ ఉండాలంటే లోపలికి ఒక ఎడ్జ్ బయటికి ఒక ఎడ్జ్ కావాలె, v కి ఉన్నది ఒక్కటే. ఇప్పుడు హైపాథసిస్ నిశ్చింతగా వాడుకోవచ్చు, n వర్టెక్స్‌లు n−1 ఎడ్జ్‌లు, v తోని ఇంకొకటి, మొత్తం n.

హన్మకొండ_కోడర్
కొంచెం అడ్డం వస్తున్నా. మా డేటా స్ట్రక్చర్స్‌లో బైనరీ ట్రీల మీద ప్రూఫ్‌లన్నీ కింది నుంచే కడ్తాం. రెండు సబ్‌ట్రీలు తీసుకుని పైన రూట్ పెట్టు, అయిపోయింది, ఎవరూ మార్కులు కట్ చేయలేదు. అక్కడ కరెక్ట్ అయిన పద్ధతి ఇక్కడ తప్పెట్ల అయితది? నాకైతే ఆ సార్‌ది చాదస్తం అనిపిస్తుంది.

పాకాల_గాలి
అక్కడ బైనరీ ట్రీ అంటే ఏందో చెప్పేటప్పుడే "ఖాళీ గానీ, లేదా రూట్ కింద రెండు బైనరీ ట్రీలు గానీ" అని పెట్టుకుంటరు. వేరే తీరుగ తయారైన బైనరీ ట్రీ అన్నదే లేదు, కాబట్టి కింది నుంచి కట్టుకుంట పోతే అన్నీ కవర్ అయితయ్. ఇక్కడ ట్రీ అంటే "కనెక్టెడ్, సైకిల్ లేని గ్రాఫ్" అని ఇచ్చిండ్రు. దాంట్ల కట్టుడు ముచ్చటే లేదు. నువ్వు కట్టి చూపించింది ఆ లక్షణమున్నవన్నీ అవునా అని వేరేగ తేల్చాలె. ట్రీని లీఫ్‌లు కలుపుకుంట పోతే వచ్చేది అని మొదట్లనే డెఫినిషన్ ఇచ్చి ఉంటే తమ్ముడికి 10కి 10 పడాల్సిందే.

హన్మకొండ_కోడర్
సరే, కానీ అప్పుడు తప్పు అనద్దు, అసంపూర్ణం అనాలి. తప్పు ప్రూఫ్‌కి, ఒక లెమ్మా మిస్సయిన ప్రూఫ్‌కి ఒకే మార్కులేస్తే ఎట్ల?

సుబేదారి_శ్రావణి
కానీ ఆ మిస్సయిన లెమ్మాలోనే మొత్తం లెక్క ఉన్నప్పుడు మిగిలింది కూడికే కదా, n−1 కి ఒకటి కలిపితే n. దానికి 4 ఎక్కువే అనొచ్చు. కాజీపేట ఫీల్ కాకు.

కాజీపేట_జంక్షన్
ఫీల్ ఏం లేదక్కా. మల్ల రాసిన, కానీ లీఫ్ లేకుంట, ఎడ్జ్ తీసుకుంట. ఇది నడుస్తదా చూడుండ్రి:

"n మీద స్ట్రాంగ్ ఇండక్షన్. n=1: ఎడ్జ్‌లు 0. ఇప్పుడు n కనీసం 2 అనుకొని, n కంటే తక్కువ వర్టెక్స్‌లున్న ప్రతి ట్రీకి నిజమనుకుందాం. n వర్టెక్స్‌ల ట్రీ T ఏదైనా తీసుకో. కనెక్టెడ్ కాబట్టి కనీసం ఒక ఎడ్జ్ ఉంటది, దాన్ని తీసెయ్. T రెండు ముక్కలైతది, ఒక్కోటి ట్రీనే, k వర్టెక్స్‌లొకటి, n−k ఒకటి. ఎడ్జ్‌లు (k−1)+(n−k−1), తీసింది కలిపితే n−1."

బిళ్ళల టెస్టు కూడా పెట్టిన: మొదటి n=2, ముక్కలు 1, 1. రెండూ లిస్టుల ఉన్నయ్. ముక్క ఎంత చిన్నగున్నా 1 కంటే తగ్గది, కాబట్టి బేస్ ఒక్కటే చాలు.

పాకాల_గాలి
మంచిగుంది. పై నుంచి మొదలైంది, బేస్ సరిపోయింది, మామూలు ఇండక్షన్ ఎందుకు చాలదో కూడా కనిపిస్తుంది, k ఎంతైనా రావొచ్చు కాబట్టి. కానీ "T రెండు ముక్కలైతది" అని ఒక్క లైన్ల దాటేసినవ్. సైకిల్ లేదన్న షరతు ముఖ్యంగ పనికొచ్చేది అక్కడే, అదే రాయలేదు.

సుబేదారి_శ్రావణి
అది నేను చెప్తా. తీసేసిన ఎడ్జ్ u–v. తీసినంక కూడా u నుంచి v కి దారి ఉంటే, ఆ దారి, ఈ ఎడ్జ్ కలిసి సైకిల్ అయ్యేది. కాబట్టి u, v వేరే ముక్కల్లో పడ్తాయి. మూడో ముక్క ఎందుకు రాదంటే, వేరే x ఏది తీసుకున్నా T లో దానికి u దాకా దారి ఉండే. ఆ దారి u–v ఎడ్జ్ వాడకపోతే x ఇప్పటికీ u తోనే ఉంది. వాడితే, ముందు v కి చేరి ఆ తర్వాతే u కి పోయింది, అంటే v దాకా బతికే ఉంది, x v తో ఉంది. కరెక్టేనా అన్నా?

పాకాల_గాలి
ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఇదంతా మూడు లైన్లల్ల రాయొచ్చు పరీక్షల.

ఓరుగల్లు_పోరడు
ఇదంతా సరే గానీ 10 మార్కుల ప్రశ్నకి, పావుగంట టైమ్‌ల, ఇన్ని ఎవరు రాస్తరు? "రెండు ముక్కలైతది" అన్నది క్లాసులనే చెప్పిన విషయమైతే వాడుకోవచ్చు కదా, మల్ల మొదటి నుంచి ప్రూవ్ చేసుకుంట కూసుంటమా.

జనగాం_ట్యూషన్
క్లాసులో థీరమ్‌గా చెప్పి ఉంటే పేరు పెట్టి వాడుకోవచ్చు, నేనైతే మార్కులు కట్ చెయ్యను. కానీ ట్రీల గురించి మొట్టమొదటి థీరమే ఇదైతే, దీనికంటే ముందు చెప్పింది ఏముంటుంది? కొన్ని నోట్సుల్లో లీఫ్ ఉంటుందన్నది కూడా ఈ n−1 ఎడ్జ్‌ల ఫార్ములా నుంచే తెస్తారు: డిగ్రీలన్నీ కూడితే 2n−2, అందరికీ కనీసం 2 ఉంటే మొత్తం కనీసం 2n ఉండాలి, కాబట్టి ఎవరికో 1 ఉంది అని. ఆ లీఫ్‌ని తెచ్చి మళ్ళీ ఇదే ఫార్ములా ప్రూవ్ చేస్తే చుట్టూ తిరిగి మొదటికే వచ్చినట్టు.

కాజీపేట_జంక్షన్
సార్, మా నోట్సుల గట్లనే ఉంది! లీఫ్ ముచ్చట ఫార్ములా తర్వాతనే వచ్చింది, డిగ్రీల కూడికతోని. అంటే నేను లీఫ్ తీసే ప్రూఫ్ రాసి "లీఫ్ ఉంటదని క్లాసుల చెప్పిండ్రు" అంటే అప్పుడు కూడా కట్ అయ్యేది.

పాకాల_గాలి
అయ్యేది, అప్పుడు ఇంకా న్యాయంగ అయ్యేది. పొడుగు దారితోని లీఫ్ తెచ్చుకుంటే ఆ గొడవ లేదు, అండ్ల ఎడ్జ్‌ల లెక్క వాడలేదు కాబట్టి.

హన్మకొండ_కోడర్
నేను ఇప్పటికీ 4 తక్కువే అంటా. 6 అన్నా ఇయ్యాలె.

కాజీపేట_జంక్షన్
రేపు సార్ దగ్గరికి రెండు ప్రూఫ్‌లూ పట్టుకొని పోత, మార్కుల ముచ్చట ఎత్తాల్నా వద్దా అక్కడ మూడ్ చూసి చూస్త. అన్నట్టు, కనెక్టెడ్ కాకుంట c ముక్కలుండి సైకిల్ లేని గ్రాఫ్ అయితే n−c ఎడ్జ్‌లు అని ఎండ్ సెమ్‌ల అడుగుతరట, దానికి c మీద ఇండక్షన్ పెట్టాల్నా?

పాకాల_గాలి
ఏ ఇండక్షనూ అక్కర్లేదు. ఒక్కో ముక్క ఒక్కో ట్రీ, ఒక్కోదాంట్ల వర్టెక్స్‌ల కంటే ఎడ్జ్ ఒకటి తక్కువ, c ముక్కలకు c తక్కువ. కూడుకో.